గురువారం వచ్చిన చీరలు: ఒక దంపతుల కేసు

ఆమె మొదటిసారి కౌన్సెలింగ్ కోసం నా దగ్గరికి వచ్చినప్పుడు చేతిలో ఒక పెద్ద బట్టల షాపు సంచి ఉంది. కూర్చోగానే అందులోంచి ఒక్కొక్కటే తీసి టేబుల్ మీద పెట్టింది. రెండు పట్టుచీరలు, ఒక స్మార్ట్ వాచ్, ఒక హ్యాండ్‌బ్యాగ్, ఒక వన్ గ్రామ్ గోల్డ్ సెట్టు. "ఇవన్నీ మూడు నెలల్లో తెచ్చారు మేడం. పెళ్ళయిన పదమూడేళ్ళలో నా పుట్టినరోజు కూడా ఆయనకు గుర్తుండేది కాదు. ఇవి ప్రేమతో తెచ్చినవా, తప్పు చేసి తెచ్చినవా? నాకు అదొక్కటే తెలియాలి" అంది.

ఈమెను సుధ అంటాను, ఆమె భర్తను మూర్తి అంటాను. అవి అసలు పేర్లు కావు. ఇద్దరి అనుమతితోనే ఇది రాస్తున్నాను. వాళ్ళను గుర్తుపట్టే వీలున్న వివరాలు మార్చాను. సుధకు 36 ఏళ్ళు, కోస్తాలోని ఒక పట్టణంలో స్కూల్ టీచర్. మూర్తికి 41, ఒక విత్తనాల కంపెనీలో ఏరియా మేనేజర్. నెలలో పది పన్నెండు రోజులు ఊళ్ళు తిరిగే ఉద్యోగం. వాళ్ళకు పదేళ్ళ పాప ఉంది. సుధ నా దగ్గరికి వచ్చింది 2024 సెప్టెంబరులో, వినాయక చవితి అయిన వారం.

మూర్తిలో మార్పు జూన్‌లో మొదలైందని ఆమె చెప్పింది. ఎప్పుడూ లేనిది పూలు తేవడం, బయటికి తీసుకెళ్ళడం. పొద్దున్నే లేచి కాఫీ పెట్టడం. ఆమెకు మోకాలి నొప్పి ఉంటే రాత్రి కూర్చుని నూనె రాయడం. వీటన్నిటికంటే ఆమెను ఎక్కువ భయపెట్టింది సారీలు. అర్ధరాత్రి లేచి చెయ్యి పట్టుకుని "సుధా, నన్ను క్షమించు" అనేవాడట. దేనికండీ అని అడిగితే, "అన్నిటికీ. నిన్ను ఎప్పుడూ సరిగ్గా చూసుకోలేదు" అని అటు తిరిగి పడుకునేవాడు.

స్టాఫ్‌రూమ్‌లో తోటి టీచర్లు అప్పటికే తీర్పు చెప్పేశారు. మగాడు ఉన్నట్టుండి పూలు తెస్తున్నాడంటే ఇంకెక్కడో ఇంకెవరికో కూడా తెస్తున్నాడని. ఇది మన ఊళ్ళలో మాత్రమే ఉన్న నమ్మకం కాదు. 1997లో టాడ్ షాకెల్‌ఫర్డ్, డేవిడ్ బస్ అనే ఇద్దరు సైకాలజిస్టులు అమెరికాలో కాలేజీ విద్యార్థులను, మీ తోడు మిమ్మల్ని మోసం చేస్తున్నట్టు మీకు దేన్నిబట్టి అనుమానం వస్తుందని అడిగితే, వచ్చిన గుర్తుల్లో మితిమీరిన ప్రేమ చూపడం కూడా ఒకటి. కానీ అది జనం దేన్ని అనుమానిస్తారో చెప్పే జాబితా. ఆ అనుమానం ఎన్నిసార్లు నిజమైందో చెప్పేది కాదు. ఈ తేడా సుధకు మొదటిరోజే చెప్పాను. ఆమె నమ్మినట్టు కనిపించలేదు.

"మీరు ఆయన్ని ఒకసారి చూస్తే చెప్పేయగలరు కదా, అబద్ధమాడుతున్నారో లేదో" అని అడిగింది. చెప్పలేనన్నాను. మనిషి ముఖం, మాట చూసి అబద్ధం పట్టుకోవడం మీద జరిగిన పరిశోధనలన్నీ కలిపి చార్లెస్ బాండ్, బెల్లా డిపాలో 2006లో లెక్క తీస్తే, సరిగ్గా చెప్పగలిగింది సగటున 54 శాతం. బొమ్మా బొరుసా వేసి చెప్పినదానికి కాస్త ఎక్కువ, అంతే. అందుకే నేను ముఖాలు చదవను, తేదీలు చదువుతాను.

తేదీల కంటే ముందు అడగాల్సింది

కానుకలు, క్షమాపణలు అనగానే నేను ముందుగా చూసేది అక్రమ సంబంధం గురించి కాదు, దెబ్బల గురించి. 1979లో లెనోర్ వాకర్ అనే అమెరికన్ సైకాలజిస్టు, భర్తల చేతిలో హింసకు గురైన స్త్రీల అనుభవాల నుంచి ఒక చక్రాన్ని వివరించింది. ఇంట్లో ఒత్తిడి పెరగడం, దెబ్బలు, ఆ తర్వాత కన్నీళ్ళూ కానుకలూ ఒట్లూ. కొంతకాలానికి మళ్ళీ ఒత్తిడి. ప్రతి ఇంట్లో హింస ఇదే వరసలో నడవదు కానీ, దెబ్బ తర్వాత వచ్చే చీరను ప్రేమగా చదివి మోసపోయినవాళ్ళను నేను చాలామందిని చూశాను. అందుకే భార్యను ఒంటరిగా కూర్చోబెట్టి అడగకుండా, ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టి కౌన్సెలింగ్ మొదలుపెట్టను. భర్త పక్కన ఉండగా ఆ ప్రశ్నకు నిజమైన జవాబు రాదు.

సుధను సూటిగానే అడిగాను. ఆయన ఎప్పుడైనా చెయ్యి చేసుకున్నారా? తోశారా, వస్తువులు విసిరారా? మీ జీతం, మీ ఫోన్, మీ పుట్టింటి రాకపోకలు ఆయన చెప్పినట్టే నడవాలా? చివరగా, నాకు అన్నిటికంటే ఎక్కువ చెప్పే ప్రశ్న: "ఆయన తెచ్చిన చీర మీరు వద్దంటే ఏమవుతుంది?"

కానుక వద్దన్నప్పుడు ఎదుటి మనిషికి కోపం వస్తే, "ఇంత చేసినా నీకు లెక్కలేదు" అని మొదలుపెడితే, అది ఇచ్చింది కాదు, అప్పుగా రాసుకున్నది. రేపు దాని వడ్డీ వసూలు చేస్తారు. సుధ కాసేపు ఆలోచించి చెప్పింది: "చిన్నబోతారు మేడం. కాసేపు డాబా మీదికి వెళ్ళిపోతారు. అంతే." మిగతా ప్రశ్నలన్నిటికీ లేదనే చెప్పింది. ఉందని చెప్పి ఉంటే ఈ కేసు వేరే దారిలో నడిచేది. ముందు ఆమె భద్రత, 181 మహిళా హెల్ప్‌లైన్, హింసకు గురైన స్త్రీలకు సాయం చేసే జిల్లాలోని సఖి కేంద్రం. ఆ ఇంట్లో కానుకలకు అర్థం వెతికే పని అక్కడితో ఆగిపోయేది.

క్యాలెండర్

సుధ తనకొచ్చిన ప్రతి వస్తువునూ ఫోటో తీసి చెల్లెలికి వాట్సాప్‌లో పంపేది. కాబట్టి తేదీలు దొరికాయి. ఒక పెద్ద క్యాలెండర్ పరిచి, ఏ రోజు ఏం వచ్చిందో, అంతకుముందు రెండు రోజుల్లో ఇంట్లో ఏం మాట్లాడుకున్నారో రాయించాను. కొన్నవి ఒక రంగు పెన్నుతో, చేసిన పనులు ఇంకో రంగుతో. ఈ రెండింటినీ కలిపి రాస్తే ఏమీ కనిపించదు. ఎందుకంటే అవి రెండూ ఒకే చోటి నుంచి రావాలనేమీ లేదు.

కొన్నవి తొమ్మిది లెక్క తేలాయి. అందులో ఏడు గురువారం సాయంత్రం వచ్చాయి. మొదటిది జూన్ 6న, మూర మల్లెపూలు, ఒక కేజీ కాజాలు. మరుసటి రోజు శుక్రవారం కాబట్టి, పూజకు పూలు తెచ్చారని సుధ మురిసిపోయింది. ఒకటి పాప పుట్టినరోజున, శనివారం. మిగిలినది ఆగస్టు 14, బుధవారం. ఆ రోజు వచ్చింది అన్నిటికంటే ఖరీదైన కంచి పట్టుచీర, దానితోపాటు ఆ వన్ గ్రామ్ గోల్డ్ సెట్టు.

పనుల రంగు మాత్రం క్యాలెండర్ నిండా చెదిరి ఉంది. కాఫీ ఊళ్ళో ఉన్న ప్రతిరోజూ. మోకాలికి నూనె ఆమెకు నొప్పి వచ్చిన రోజున. అత్తగారిని కంటి ఆపరేషన్‌కు తీసుకెళ్ళడం ఆ ఆపరేషన్ ఉన్న రోజున. అంటే ఈ పనులు సుధ అవసరాన్ని బట్టి జరిగాయి. కానుకలు మాత్రం సుధ జీవితంలో దేన్నిబట్టీ రాలేదు. వాటికి ఇంకేదో గడియారం ఉంది. అది మూర్తి దగ్గర ఉంది.

నేను మొదట తప్పు గడియారం ఊహించాను. మూర్తి టూర్లు ఎక్కువగా సోమవారం మొదలై గురువారం ముగిసేవి. టూర్ నుంచి వచ్చిన రోజున కానుక. స్టాఫ్‌రూమ్ చెప్పిన కథ నా మనసులోకి కూడా వచ్చి కూర్చుంది. కానీ టూర్ లేని వారాల్లో కూడా గురువారం కానుక వచ్చినట్టు క్యాలెండర్‌లో రెండుచోట్ల ఉంది. ఆగస్టు 14 కూడా ఆ కథలో ఇమడలేదు. ఆ వారం ఆయన ఊళ్ళోనే ఉన్నాడు. కౌన్సెలర్ మనసులో ఒక కథ కుదురుకున్నాక, దానిలో ఇమడని తేదీలను పక్కకు నెట్టడం చాలా తేలిక. ఆ తేదీల మీదే ఎర్ర చుక్క పెట్టాలి. నేను అక్కడ చుక్క పెట్టి, ఆ వారం ఏం మాట్లాడుకున్నారని అడిగాను.

"శుక్రవారం వరలక్ష్మీ వ్రతం కదా మేడం. అమ్మవారికి పెట్టడానికి నగలు లాకర్ నుంచి తెచ్చుకుందామన్నాను. ఇప్పుడు దొంగల భయం ఎక్కువగా ఉంది, అక్కడే ఉండనీ అన్నారు. ఇదిగో, ఆ సాయంత్రం ఈ సెట్టు తెచ్చి అమ్మవారికి ఇది పెట్టమన్నారు."

సుధ ఈ మాట మామూలుగానే చెప్పింది. నేను కూడా ఆ రోజు దాన్ని పూర్తిగా అందుకోలేదు. కానీ అప్పటి నుంచి ప్రతి కేసులోనూ అడుగుతున్నాను: ఈ వస్తువు ఏ మాటకు బదులుగా వచ్చింది? ప్రేమతో తెచ్చినదానికి ఈ ప్రశ్న వేస్తే సాధారణంగా జవాబేమీ ఉండదు, ఊరికే తెచ్చారు, అంతే. దాచిపెట్టిన దాని మీద కప్పడానికి తెచ్చిన వస్తువుకు మాత్రం తరచుగా ఒక జవాబు ఉంటుంది. అది వచ్చిన రోజు ఆ ఇంట్లో ఒక సంభాషణ మధ్యలో ఆగిపోయి ఉంటుంది.

కర్మ లేని క్షమాపణ

తర్వాతి వారం ఇద్దరూ కలిసి వచ్చారు. మూర్తి మర్యాదస్తుడు, మెత్తగా మాట్లాడతాడు, సుధ కుర్చీకి ఫ్యాన్ తగిలేలా తిప్పి మరీ కూర్చున్నాడు. ఆమె ఏడుస్తుంటే, "నాదే తప్పు మేడం, నేనే సరిగ్గా చూసుకోలేదు, అందుకే ఇప్పుడు చూసుకుంటున్నాను" అన్నాడు.

వినడానికి బాగుంటుంది. కానీ ఈ వాక్యంలో కర్త ఉంది, క్రియ ఉంది, కర్మ లేదు. ఏం చేశాడు? ఎప్పుడు? ఎవరికి ఏం నష్టమైంది? 2016లో రాయ్ లెవికీ అనే అమెరికన్ ప్రొఫెసర్ ఇద్దరు సహచరులతో కలిసి క్షమాపణలోని ఆరు భాగాలను పరీక్షించాడు. బాధ వ్యక్తం చేయడం, ఏం జరిగిందో వివరించడం, తప్పు నాదేనని ఒప్పుకోవడం, మళ్ళీ చేయనని చెప్పడం, నష్టాన్ని సరిదిద్దుతాననడం, క్షమించమని అడగడం. వీటిలో వినేవాళ్ళ మీద ఎక్కువగా పనిచేసింది తప్పు ఒప్పుకోవడం. అన్నిటికంటే తక్కువగా పనిచేసింది క్షమించమని అడగడం. మూర్తి అర్ధరాత్రి చేస్తున్నది సరిగ్గా ఆ ఆఖరిది ఒక్కటే. ఏం చేశాడో చెప్పకుండా క్షమ అడుగుతున్నాడు.

అలాంటి సారీ విన్నవాళ్ళకు ఊరట ఉండదు. "అన్నిటికీ" అన్న మాటలో ఏదైనా పట్టేస్తుంది కాబట్టి, వినేవాళ్ళు తమకు అన్నిటికంటే భయమైనదాన్ని అందులో నింపుకుంటారు. సుధ ఇంకొక స్త్రీని నింపుకుంది.

నేను ఆ రోజు మూర్తిని దేనికి అని గుచ్చి అడగలేదు. భార్య ముందు మొదటిసారి అడిగితే మనిషి ఏదో చిన్నదాన్ని ఒప్పుకుని పెద్దదాన్ని ఇంకా లోపలికి నెడతాడు. బదులుగా ఇద్దరికీ ఒక పని ఇచ్చాను. రెండు వారాలపాటు ఇంట్లోకి ఏ కానుకా రాకూడదు, పూలు కూడా. సారీ అనే మాట వాడకూడదు. రాత్రి భోజనాలయ్యాక ఇరవై నిమిషాలు ఫోన్లు పక్కన పెట్టి కూర్చోవాలి. మాట్లాడుకోకపోయినా ఫరవాలేదు. ఇంటి పనులు, కాఫీ, నూనె మామూలే.

దీనికొక కారణం ఉంది. ఇష్టంతో ఇచ్చే మనిషికి కొనడం ఆపేస్తే పెద్ద ఇబ్బంది ఉండదు, ఇంకో దారిలో ఇస్తాడు. అపరాధ భావంతో ఇచ్చే మనిషికి ఆ కానుక మందుబిళ్ళ లాంటిది. అది ఆపితే లోపలిది పైకి వస్తుంది. అందుకే ఇది అందరికీ ఇంట్లో చేసి చూసుకోమని చెప్పే పని కాదు. బయటపడే దారి మూసేస్తే ఒత్తిడి పెరుగుతుంది, దాన్ని పట్టుకునే మనిషి పక్కన ఉండాలి. ఆ రెండు వారాల్లో ఎప్పుడైనా ఫోన్ చేయమని మూర్తికి నా నంబరు విడిగా ఇచ్చాను.

దానితోపాటు నా నియమం కూడా ఇద్దరి ముందే చెప్పాను. నాతో ఒంటరిగా చెప్పినది నేను రెండోవారికి చెప్పను. కానీ ఆ విషయం దాచి ఇద్దరితో కలిపి పని చేయడం మోసమవుతుందనిపిస్తే, మీరే చెప్పాలి, లేదా నేను ఈ ఉమ్మడి కౌన్సెలింగ్ ఆపేస్తాను. ఈ మాట ముందు చెప్పకుండా ఒంటరి సెషన్ పెడితే, తర్వాత కౌన్సెలర్ కూడా ఆ రహస్యంలో భాగస్తుడైపోతాడు.

మొదటి గురువారం మూర్తి ఇరవై నిమిషాలు కూర్చోలేకపోయాడని సుధ చెప్పింది. నాలుగు సార్లు లేచాడు. అతను నా దగ్గరికి ఒంటరిగా రావాల్సిన సెషన్‌కు రాలేదు. రెండో గురువారం రాత్రి ఫోన్ చేసి రేపు వస్తానన్నాడు.

మూర్తి చెప్పింది

వచ్చి, జేబులోంచి మడతపెట్టిన దినపత్రిక ముక్క తీశాడు. సెప్టెంబరు చివర్లో షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ విడుదల చేసిన అధ్యయనం గురించిన వార్త అది. షేర్ మార్కెట్‌లో ధరల మీద పందెంలా నడిచే ఫ్యూచర్స్ అండ్ ఆప్షన్స్‌లో మూడేళ్ళలో వ్యాపారం చేసిన కోటి మందికి పైగా మామూలు వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారని, సగటు నష్టం మనిషికి దాదాపు 2 లక్షలని. "ఆ తొంభై మూడులో నేనొకణ్ణి మేడం" అన్నాడు. ఇంకొక స్త్రీ లేదు. ఎప్పుడూ లేదు.

2023 చివర్లో ఆప్షన్స్ మొదలుపెట్టాడు. మొదట కొంత వచ్చింది. తర్వాత చిట్టీ పాడిన 2 లక్షల 60 వేలు పోయాయి. వాటిని రాబట్టుకోవడానికి 2024 ఏప్రిల్‌లో, ఇద్దరి పేర్ల మీదా ఉన్న లాకర్ నుంచి సుధ గాజులు, గొలుసులు తీసి తాకట్టు పెట్టాడు. జూన్ 4న ఎన్నికల ఫలితాల రోజు రాష్ట్రమంతా టీవీల ముందు కూర్చుని ఉంది. ఆ ఒక్కరోజే షేర్ మార్కెట్ సూచీ నిఫ్టీ దాదాపు 6 శాతం పడింది. మూర్తి కూడా టీవీ ముందే ఉన్నాడు కానీ చూస్తున్నది సీట్ల లెక్క కాదు. ఓటేసిన పార్టీ గురించి దిగులేమో అనుకుని సుధ మజ్జిగ తెచ్చి ఇచ్చిందట. ఆ మజ్జిగ గ్లాసు గురించి చెబుతూ అతను ఏడ్చాడు. మరుసటి రోజు లాకర్‌కు వెళ్ళి, మిగిలిన చంద్రహారం కూడా తెచ్చి తాకట్టు పెట్టాడు. అది సుధ వాళ్ళమ్మ ఇచ్చింది. జూన్ 6న మల్లెపూలు.

గురువారం సంగతి అప్పుడు తెలిసింది. ఆ రోజుల్లో నిఫ్టీ వీక్లీ ఆప్షన్ల ఎక్స్‌పైరీ, అంటే వాటి గడువు ముగిసే రోజు, గురువారం. వారమంతా ఈసారి వస్తుందనుకున్న డబ్బు ఆ మధ్యాహ్నం మూడున్నరకు సున్నా అయ్యేది. సాయంత్రం బజారుకు వెళ్ళేవాడు. ఆగస్టు 15 సెలవు కాబట్టి ఆ వారం ఎక్స్‌పైరీ ఒకరోజు ముందుకు, బుధవారానికి వచ్చింది. ఎర్ర చుక్క పెట్టిన తేదీ అదే. అదే వారం సుధ నగలు అడిగింది. రెండూ ఒకే రోజు మీద పడ్డాయి కాబట్టి ఆ రోజు చీర అన్నిటికంటే ఖరీదైనది.

"కొన్నప్పుడు తేలికగా ఉండేదా?" అని అడిగాను. "ఆమె చీర భుజం మీద వేసుకుని అద్దంలో చూసుకునేదాకా బాగుండేది. ఆమె సంతోషపడగానే ఇంకా పాడుగా అనిపించేది" అన్నాడు.

ఈ రంగంలో జూన్ టాంగ్నీ అనే పరిశోధకురాలు లోతుగా అధ్యయనం చేసిన ఒక విభజన ఇక్కడ నాకు ఎప్పుడూ పనికొస్తుంది. "తప్పు పని చేశాను" అనుకోవడం వేరు, "నేనే పనికిమాలినవాణ్ణి" అనుకోవడం వేరు. మొదటిది మనిషిని సరిదిద్దుకునే వైపు నెడుతుంది. రెండోది దాక్కునేలా చేస్తుంది. మూర్తిలో రెండూ కలిసి ఉన్నాయి. ఒకటి బజారుకు పంపి చీర కొనిపించింది, ఇంకొకటి ఇంటికి రాగానే నోరు మూయించింది. సరిదిద్దాల్సినచోట చెయ్యి పెట్టలేని మనిషి ఇంకోచోట సరిదిద్దుతూ పోతాడు. హారం ఇవ్వలేడు కాబట్టి చీర ఇస్తాడు.

ఇంత అప్పు, ఇంత సిగ్గు ఒంటరిగా మోస్తున్న మనిషిని ఒక ప్రశ్న తప్పక అడగాలి, మెత్తని మాటల చాటున కాకుండా. చనిపోవాలనే ఆలోచన వచ్చిందా? రెండుసార్లు వచ్చిందన్నాడు, హైవే మీద డ్రైవింగ్ చేస్తున్నప్పుడు. ఎలా, ఎప్పుడు అన్న ఆలోచన దాకా వెళ్ళలేదు. ఆ రోజే ఒక సైకియాట్రిస్టును కలిసేలా ఏర్పాటు చేశాను. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 అతని ఫోన్‌లో సేవ్ చేయించాను. ఊళ్ళోనే ఉన్న అతని అన్నయ్యకు, మూర్తి అంగీకారంతో, విషయం చెప్పాం. కౌన్సెలింగ్ లెక్కలన్నీ దీని తర్వాతే.

ఒకేసారి, కాగితాలతో

చెప్పడానికి మూర్తి ఒప్పుకున్నాడు కానీ, కొంచెం కొంచెంగా చెబుతానన్నాడు. ముందు ట్రేడింగ్ సంగతి, తర్వాత మెల్లగా నగల సంగతి. వద్దన్నాను. నేను చూసిన కేసుల్లో జంటను విరిచింది చాలాసార్లు అసలు తప్పు కాదు, వాయిదాల్లో బయటపడ్డ నిజం. మొదటిసారి విన్నప్పుడు "ఇంకేమైనా ఉందా" అని అడుగుతారు, "లేదు" అంటారు. నెలకు ఇంకొకటి బయటపడుతుంది. ఆ "లేదు" తర్వాత ఇక దేన్నీ నమ్మలేరు.

రెండు వారాలు తయారీకి పట్టింది. బ్రోకర్ ఇచ్చే లాభనష్టాల స్టేట్‌మెంట్, రెండు గోల్డ్ లోన్ల రసీదులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఇంకే అప్పూ లేదని చూపే సిబిల్ రిపోర్టు. కాగితం మీద లెక్క ఇలా తేలింది: నష్టం 7 లక్షల 80 వేలు. నగల మీద తెచ్చింది 5 లక్షల 80 వేలు, చిట్టీది 2 లక్షల 60 వేలు. కూడితే 8 లక్షల 40 వేలు. ఇంకా 60 వేలకు లెక్క కావాలి. మూర్తి తలదించుకున్నాడు. అవి కానుకలు.

దసరా తర్వాతి వారం నా గదిలో అతను సుధకు చెప్పాడు. ముందే రాసుకున్న కాగితం చూస్తూ చదివాడు, అలాగే చదవమని నేనే చెప్పాను. "సుధా, ఏప్రిల్‌లో ఒకసారి, జూన్ 5న ఒకసారి నీకు చెప్పకుండా నీ నగలు మొత్తం పదహారు కాసులు తాకట్టు పెట్టాను. అత్తయ్య ఇచ్చిన చంద్రహారం కూడా. ఆ డబ్బు ఆప్షన్స్‌లో పోగొట్టాను. వ్రతానికి నగలు అడిగినప్పుడు దొంగల భయమని అబద్ధం చెప్పాను." క్షమించమన్న మాట అందులో లేదు. అది నేను తీయించలేదు, అతనే రాయలేదు.

సుధ మొదట ఏమీ అనలేదు. కాగితాలన్నీ తన ముందుకు లాక్కుని ఒక్కొక్కటే చదివింది. టీచర్ కదా, లెక్క రెండుసార్లు కూడింది. తర్వాత అంది: "అంటే నా గొలుసులు తాకట్టు పెట్టి నాకే చీరలు కొన్నారన్నమాట."

ఆ మాటకు గదిలో ఎవరి దగ్గరా జవాబు లేదు. నేను కూడా పూడ్చడానికి ప్రయత్నించలేదు. ఆమె ఆ రాత్రి పాపను తీసుకుని పుట్టింటికి వెళ్ళి తొమ్మిది రోజులు ఉంది. పుట్టింట్లో వాళ్ళన్నయ్య కేసు వేద్దామన్నాడు. అతని మాటలో న్యాయం ఉంది. స్త్రీధనం పూర్తిగా భార్యదే, కష్టకాలంలో భర్త వాడుకున్నా తిరిగి ఇవ్వాల్సిన బాధ్యత అతనిదేనని సుప్రీంకోర్టు ఆ ఏడాది ఏప్రిల్‌లోనే మళ్ళీ స్పష్టం చేసింది. ఆ దారి ఆమెకు తెరిచే ఉందని నేనూ చెప్పాను. ఏది ఎంచుకోవాలో చెప్పలేదు.

తిరిగి వచ్చాక ఆమె అడిగింది మళ్ళీ మొదటి ప్రశ్నే. "ఇప్పుడు చెప్పండి మేడం. అది ప్రేమా, తప్పు చేసిన భయమా?" క్యాలెండర్ మళ్ళీ పరిచాను. కొన్నవి గురువారాన్ని బట్టి వచ్చాయి, వాటిని అపరాధ భావం తెచ్చింది. ఆ భావం అతనికి మీ మీద లెక్క ఉంది కాబట్టే పుట్టి ఉండొచ్చు, పట్టుబడతానన్న భయం నుంచి కూడా పుట్టి ఉండొచ్చు. చీరను చూసి అది విడదీసి చెప్పడం నా వల్ల కాదు. కానీ ఈ రెండో రంగు చూడండి. దీనికి డబ్బు పట్టలేదు. ఏ మాటకూ బదులుగా రాలేదు. ఇప్పుడు దాచడానికి ఏమీ మిగల్లేదు కాబట్టి, ఇకపై ఏది ఆగిపోతుందో, ఏది మిగులుతుందో మీరే చూడగలరు. ఆరు నెలలు చూడండి అన్నాను.

ఆ ఆరు నెలలు

మూర్తి బ్రోకర్ దగ్గర ఫ్యూచర్స్ అండ్ ఆప్షన్స్ విభాగాన్ని డీయాక్టివేట్ చేయించాడు. నెట్ బ్యాంకింగ్ సుధ ఫోన్‌లో కూడా తెరుచుకునేలా పెట్టారు. జీతం వచ్చిన రోజు ఇద్దరూ కూర్చుని లెక్క రాస్తారు. ఇది కాపలా కాదా అని మూర్తి ఒకసారి అడిగాడు. కాపలాయే, కొంతకాలం అవసరమే అన్నాను. కారు అమ్మేశారు. రెండు లోన్లు విడివిడిగా ఉన్నాయి కాబట్టి ముందు దేన్ని తీర్చాలో ఎంచుకునే వీలు ఉంది. చిన్నదైనా, పెద్దదైనా, హారం ఉన్న లోనే ముందు అంది సుధ.

కానుకలు పూర్తిగా ఆగిపోయాయి. నడిరాత్రి సారీలు కూడా. కాఫీ ఆగలేదు. మోకాలికి నూనె మాత్రం సుధ మూడు నెలలు రాయనివ్వలేదు. చెయ్యి తగలనివ్వాలనిపించలేదంది. అతను నూనె గిన్నె వేడి చేసి మంచం పక్కన పెట్టి వెళ్ళేవాడు, ఆమె తనే రాసుకునేది. ఫిబ్రవరిలో ఒకరోజు గిన్నె పెట్టి వెళ్తుంటే ఉండమంది.

సుధ ఇప్పటికీ పూర్తిగా కోలుకోలేదు. గురువారం సాయంత్రం గేటు చప్పుడైతే అతని చేతుల వైపు చూస్తుంది, ఏదైనా పట్టుకుని వచ్చాడా అని. జనవరిలో ఒకసారి, పాప స్కూల్ ఫంక్షన్ కోసం అతను మామూలుగానే మూర కనకాంబరాలు తెస్తే, ఆమెకు చెమటలు పట్టి కూర్చుండిపోయింది. ఆ పూలు నిజంగా పాప జడలోకే. అప్పటి నుంచి ఇంట్లోకి పూలు ఆమే తెచ్చుకుంటుంది.

చంద్రహారం 2025 ఏప్రిల్‌లో విడిపించారు. ఇద్దరూ కలిసి వెళ్ళారు. సుధ అక్కడే కౌంటర్ దగ్గర నిలబడి తూకం చూసి, రసీదు చదివి, తర్వాత సంతకం పెట్టింది. లాకర్ ఇప్పుడు ఆమె ఒక్కదాని పేరు మీద ఉంది, తాళం ఆమె హ్యాండ్‌బ్యాగ్‌లో ఉంటుంది. గాజులు, గొలుసులు ఇంకా రావాలి.